జారిపోయే మసక

ఫోనులో తీసిన 12 సెకన్ల వీడియో ఒకటి ఊహించుకోండి. బాలల సదనం గేటు ముందు ఒక కుర్రాడు ఎడమ నుంచి కుడికి నడిచి వెళ్తున్నాడు. వార్తకు ఆ దృశ్యం కావాలి, కుర్రాడి ముఖం మాత్రం కనబడకూడదు. కేసుల్లో ఉన్న పిల్లల ఆనవాళ్లు బయటపెడితే 2015 నాటి బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఎడిటర్ మొదటి ఫ్రేములో ముఖం మీద గుండ్రంగా మసక పెట్టి, ట్రాక్ చేయమని మీట నొక్కుతాడు. మసక కుర్రాడితో పాటే కదులుతుంది. ఒకసారి ప్లే చేసి చూస్తాడు. బాగానే ఉందనిపిస్తుంది, బులెటిన్‌కు పంపేస్తాడు.

సెకనుకు 30 ఫ్రేముల లెక్కన ఆ క్లిప్‌లో ఉన్నవి 360 బొమ్మలు. వాటిలో వందకు పైగా బొమ్మల్లో కుర్రాడి చెవో చెంపో కంటి కొసో మసక బయట పడి ఉండవచ్చు. ప్లే అవుతున్నప్పుడు అది కంటికి ఆనదు. టీవీ చూస్తూ ఫోనులో రికార్డు చేసుకుని, కావలసిన చోట ఆపి చూసేవాడికి ఆనుతుంది.

ఇది ఎలా జరుగుతుందో తెలియాలంటే ట్రాకర్ అసలు ఏం చూస్తుందో తెలియాలి. మామూలు ట్రాకర్‌కు అది ముఖమని తెలియదు. ఎడిటర్ గీసిన గడిలో ఉన్న వెలుగునీడల అమరికను అది ఒక అచ్చుగా దాచుకుంటుంది. తర్వాతి ఫ్రేములో, పాత చోటుకు చుట్టుపక్కల కాస్త మేర వెతికి, అచ్చుకు అన్నిటికన్నా దగ్గరగా పోలిన చోటును ఎంచుకుని అక్కడికి జరుగుతుంది. అంతే దాని పని. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ లూకస్, టకియో కనాడే 1981లో రాసిన పద్ధతి ఈ ఆలోచనకు పునాది. నేటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలోని ట్రాకర్లు చాలావరకు ఆ కుదురు నుంచి వచ్చినవే.

చిక్కు రెండో ఫ్రేము నుంచే మొదలవుతుంది. కుర్రాడు నడుస్తూ తల కొంచెం తిప్పుతాడు, ముఖం మీద చెట్టు నీడ పడుతుంది. మొదటి ఫ్రేములో దాచుకున్న అచ్చు ఇప్పటి ముఖంతో సరిగ్గా కలవదు. అచ్చు మార్చకుండా అలాగే పట్టుకు కూర్చుంటే కాసేపటికి పోలికే దొరక్క ట్రాక్ తెగిపోతుంది. అందుకని ఫ్రేము ఫ్రేముకూ అచ్చును కొత్తగా తీసుకునే ఏర్పాటు ఉంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ఆ ఎంపిక పేరు Adapt Feature On Every Frame. అప్పుడు ట్రాక్ తెగదు. తెగకపోవడమే ఇక్కడ అసలు ప్రమాదం.

దర్జీ పని తెలిసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. జాకెట్టు చేతుల గుడ్డ పది ముక్కలు కత్తిరించాలి. ప్రతి ముక్కనూ మొదటి కొలత ముక్క మీద పెట్టి కత్తిరిస్తే ఏ ముక్క తప్పు ఆ ముక్కతోనే పోతుంది. అలా కాక, ఇప్పుడే కత్తిరించిన ముక్కను పెట్టి తర్వాతి ముక్క, దాన్ని పెట్టి ఆ తర్వాతి ముక్క కత్తిరిస్తే? ఒక్కో ముక్కకు పెరిగిన నూలుపోగంత తేడా పదో ముక్క దగ్గర అంగుళమై కూర్చుంటుంది. పక్కపక్క ముక్కలు పోల్చి చూస్తే మాత్రం తేడా కనబడదు.

ట్రాకర్ కూడా నిన్నటి ముక్కతో నేటి ముక్క కత్తిరిస్తుంది. ఫ్రేముకు అయిదో వంతు పిక్సెల్ తప్పనుకుందాం, అంటే 0.2 పిక్సెల్. తప్పు ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి పడితే చాలావరకు అవే సర్దుకుంటాయి. ఎప్పుడూ ఒకే వైపుకు పడితే సర్దుకునే దారి లేదు. కుర్రాడి ముఖం వెడల్పు 120 పిక్సెళ్లు, మసక వెడల్పు 160 అనుకుంటే, రెండు పక్కలా 20 పిక్సెళ్ల చొప్పున వెసులుబాటు ఉంది. 100 ఫ్రేములు గడిచేసరికి, అంటే మూడు సెకన్లు దాటగానే, ఆ వెసులుబాటు అయిపోతుంది. 250వ ఫ్రేముకు మసక 50 పిక్సెళ్లు వెనకబడుతుంది. అంటే ముఖంలో 30 పిక్సెళ్లు, పావు వంతు, బయటికి వచ్చేసినట్టు. ఏ రెండు పక్క ఫ్రేముల్ని పోల్చినా అంతా సవ్యంగానే ఉంటుంది.

తప్పు ఒకే వైపుకు ఎందుకు పడుతుంది? చాలాసార్లు ఎడిటర్ గీసిన గడి వల్లే. ముఖం గుండ్రం, గడి నలుచదరం. నాలుగు మూలల్లో వెనకనున్న గోడ కూడా అచ్చులో చేరిపోతుంది. కుర్రాడు నడుస్తాడు గానీ గోడ నడవదు. గోడ మీది పోస్టరో కిటికీ అంచో ముఖం కన్నా స్ఫుటంగా ఉంటే, ట్రాకర్‌ను ప్రతి ఫ్రేములోనూ రవ్వంత వెనక్కి లాగుతుంది. అచ్చు మారేకొద్దీ అందులో గోడ పాలు పెరుగుతుంది, ముఖం పాలు తరుగుతుంది. చివరికి ట్రాకర్ ఎంతో నమ్మకంగా గోడనే అనుసరిస్తూ ఉంటుంది.

ఆ నమ్మకం మాట అంకెల్లో కూడా కనిపిస్తుంది. ఇప్పటి అచ్చుకూ దొరికిన చోటుకూ పోలిక ఎంతుందో కొన్ని సాఫ్ట్‌వేర్లు శాతంలో చూపిస్తాయి. అది 95 దగ్గరుంటే ఎడిటర్ ధీమాగా ఉంటాడు. కానీ ఆ అంకె చెప్పేది నిన్నటి ముక్కకు నేటి ముక్క ఎంత దగ్గరగా ఉందన్నదే. మొదటి కొలతకు ఎంత దూరం పోయిందో అది చెప్పదు. ఉన్నట్టుండి అంకె పడిపోతే ఏదో అడ్డొచ్చిందని గ్రహించవచ్చు. నెమ్మదిగా జారే ట్రాక్‌ను పట్టడానికి మాత్రం అది పనికిరాదు.

ఇదే ట్రాకింగ్‌తో అక్షరాలు అతికించినప్పుడు కథ తిరగబడుతుంది. పాత కాలపు కథతో తీసే సినిమాలో బస్సు పక్కనున్న బోర్డు మీద వేరే ఊరి పేరు పెట్టాలనుకుందాం. అక్షరం బస్సు మీద ఒక్క పిక్సెల్ ఊగినా చూసేవాడి కంటికి తెలిసిపోతుంది, రేకు మీద ఈగ పాకినట్టు ఉంటుంది. అక్షరం తన తప్పును తానే బయటపెట్టుకుంటుంది, మసక తన తప్పును తనే కప్పుకుంటుంది. మసకకు స్పష్టమైన అంచు లేదు, దాని కింద ఏముందో కనబడదు కాబట్టి పోల్చుకోవడానికి గుర్తూ లేదు. అందుకే సినిమా గ్రాఫిక్స్ వాళ్లు ఒక బోర్డు మీద రోజంతా కూర్చుంటారు, న్యూస్ రూములో ముఖం మీది మసక రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఉండవలసింది అటూ ఇటూ అని ఎవరైనా అంటే కాదనలేం.

అక్షరాల పనిలో వచ్చే జారుడుకు ప్రత్యేకమైన కారణం ఒకటుంది. బస్సు ఒంటి మీద పొడవునా సాగే రంగు గీతను ట్రాక్ బిందువుగా ఎంచుకుంటే, చిన్న గడిలోంచి చూసే ట్రాకర్‌కు ఆ గీత పైకీ కిందికీ కదలడం తెలుస్తుంది గానీ దాని పొడవునా ముందుకు జరగడం తెలియదు. గీత ఎక్కడ చూసినా ఒకేలా ఉంటుంది మరి. ఊరి పేరు గీత వెంబడి జారిపోతుంది. ఖాళీ రేకు అయితే ఏ దిక్కూ తెలియదు. మూల అయితేనే, అంటే రెండు అంచులు కలిసే చోటైతేనే, రెండు దిక్కులా పట్టు దొరుకుతుంది. ట్రాక్ చేయడానికి మంచి బిందువంటే ఏమిటో 1994లో జియాన్‌బో షీ, కార్లో తొమాసీ గణితంతో తేల్చారు. కిటికీ మూలను వెతికే ఎడిటర్ తెలిసో తెలియకో వారి మాటే పాటిస్తున్నాడు. ఒక్క మూల కదలికను చెబుతుంది, రెండు మూలలు పరిమాణాన్నీ తిరగడాన్నీ చెబుతాయి. బస్సు మలుపు తిరిగితే బోర్డు వాలును పట్టడానికి నాలుగు కావాలి.

ఇక కుర్రాడి క్లిప్ దగ్గరికి వద్దాం. చెయ్యి తిరిగిన ఎడిటర్ అయితే మొదటి ఫ్రేముతో మొదలుపెట్టడు. క్లిప్ అంతా ముందుకూ వెనక్కూ జరిపి చూసి, ముఖం స్పష్టంగా, పెద్దగా కనబడే ఫ్రేమును ఎంచుకుంటాడు. 130వది అనుకుందాం. అక్కడి నుంచి ముందుకు ఒకసారి, వెనక్కు ఒకసారి ట్రాక్ చేస్తాడు. పరుగు పొడవు తగ్గితే పోగుపడే తప్పూ తగ్గుతుంది. ట్రాక్ గడిని కళ్లు, ముక్కు, నోరు ఉన్నంత మేర మాత్రమే బిగించి గీస్తాడు, గోడకు చోటివ్వడు. మసకను మాత్రం ముఖం కన్నా బాగా పెద్దదిగా పెడతాడు. పట్టుకునే గడి వేరు, కప్పే ఆకారం వేరు. చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్లే సగం జారుళ్లు వస్తాయి.

260వ ఫ్రేములో కరెంటు స్తంభం ముఖానికి అడ్డొస్తుంది. ఆటోమేటిక్ ట్రాక్‌ను అలాగే వదిలేస్తే మసక స్తంభానికి అతుక్కుని అక్కడే నిలబడిపోతుంది, కుర్రాడు అవతలి నుంచి బోసి ముఖంతో బయటికొస్తాడు. కాబట్టి 255 దగ్గర ట్రాక్ ఆపాలి. స్తంభం దాటాక ముఖం పూర్తిగా కనబడే 272 దగ్గర కొత్తగా మొదలుపెట్టాలి. ఈ రెంటి మధ్య మసకను సాఫ్ట్‌వేర్ తిన్నగా జరుపుకుంటూ పోతుంది. నడక ఒకే వేగంతో ఉంటే అది సరిపోతుంది, అయినా ఆ కాసేపు మసకను ఇంకాస్త పెద్దది చేయడం మంచిది.

జారుడును కనిపెట్టే ఉపాయం ఒకటుంది. చివరి ఫ్రేము నుంచి వెనక్కు ట్రాక్ చేస్తూ రావాలి. పోయిన దారినే తిరిగొచ్చి బయల్దేరిన చోటికే చేరితే ట్రాక్‌ను చాలావరకు నమ్మవచ్చు. ముక్కు మీద బయల్దేరింది చెవి మీదికి చేరితే దారిలో ఎక్కడో జారినట్టే.

అన్నీ యంత్రానికే వదిలేసే దారీ ఉంది. యూట్యూబ్ 2012లోనే వీడియోలోని ముఖాలను వెతికి తానే మసక పెట్టే సదుపాయం తెచ్చింది, కొన్ని ముఖాలు, కొన్ని ఫ్రేములు తప్పిపోవచ్చని అప్పుడే హెచ్చరించింది. ప్రతి ఫ్రేములోనూ ముఖాన్ని కొత్తగా వెతికే పద్ధతిలో తప్పు పోగుపడదు, కాబట్టి జారుడు లేదు. కానీ తల పక్కకు తిరిగినప్పుడో చెయ్యి అడ్డొచ్చినప్పుడో అది ముఖాన్నే పోల్చుకోలేకపోవచ్చు. అప్పుడు మసక మూడు ఫ్రేముల పాటు మాయమై మళ్లీ వస్తుంది. సెకనులో పదో వంతు. రెప్పపాటులో పోయినా, ఆపి చూసేవాడికి కావలసింది ఒక్క ఫ్రేమే.

అందుకే ఏ పద్ధతిలో చేసినా చివరి తనిఖీ ప్లే చేసి చూడటం కాదు, బాణం మీట నొక్కుతూ ఒక్కో ఫ్రేమునూ చూడటం. ఫ్రేముకు ఒక సెకను పెట్టినా, కుర్రాడి క్లిప్‌లోని 360 ఫ్రేములకు పట్టేది ఆరు నిమిషాలు.