ఏ మూడు ముక్కలు కలిస్తే చతురస్రం?

నవోదయ విద్యాలయాల ఆరో తరగతి ప్రవేశ పరీక్షలో 80 ప్రశ్నలుంటే, అందులో 40 మానసిక సామర్థ్యానికి సంబంధించినవే. బొమ్మలో లేని భాగాన్ని పూరించే ప్రశ్నలు వాటిలో ఉంటాయి. పోటీ పరీక్షల పుస్తకాల్లో ఇలాంటిదే మరో రకం కనిపిస్తుంది: ఐదు ముక్కలిచ్చి, ఏ మూడు కలిస్తే చతురస్రం అవుతుందో చెప్పమంటారు. చాలామంది పిల్లలు ముక్కల్ని ఊహలో తిప్పుతూ కూర్చుంటారు. తిప్పే ముందు లెక్క చూసుకుంటే పని తేలికవుతుంది.

కావలసింది 4 సెం.మీ. భుజం ఉన్న చతురస్రం అనుకుందాం. దాని వైశాల్యం 16 చదరపు సెం.మీ. ఇచ్చిన ముక్కలు ఇవి. మొదటిది 4 సెం.మీ. భుజాల లంబకోణ త్రిభుజం, వైశాల్యం 8. రెండోది ఒక పక్క ఏటవాలుగా ఉన్న సమలంబ చతుర్భుజం, వైశాల్యం 6. దాని సమాంతర భుజాలు 4, 2, వాటి మధ్య దూరం 2. మూడోది 2 సెం.మీ. భుజాల లంబకోణ త్రిభుజం, వైశాల్యం 2. నాలుగోది 2 సెం.మీ. చతురస్రం, ఐదోది 4 పొడవు, 1 వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రం. ఈ రెండింటి వైశాల్యం చెరో 4.

మూడేసి చొప్పున కూడితే 16 వచ్చే జట్లు రెండే: 1, 2, 3 ఒకటి, 1, 4, 5 మరొకటి. తొందరపడి రెండో జట్టును గుర్తించేవాళ్లు ఇక్కడే మార్కు పోగొట్టుకుంటారు. పెద్ద త్రిభుజానికి పొడవైన ఏటవాలు అంచు ఉంది. చతురస్రం లోపల దాన్ని ఆనుకోవడానికి మరో ఏటవాలు అంచు కావాలి. 4, 5 ముక్కలకు అలాంటిది లేదు. కాబట్టి ఆ జట్టు కుదరదు.

మొదటి జట్టులో రెండో ముక్క ఏటవాలు అంచు, చిన్న త్రిభుజం ఏటవాలు అంచు వరసగా చేరితే సరిగ్గా పెద్ద త్రిభుజం కర్ణమంత పొడవవుతాయి. అవి కలిసేచోట 135, 45 డిగ్రీల కోణాలు చేరి 180 అవుతాయి కనుక గీత వంగదు. జవాబు 1, 2, 3.

నమూనా పూరణలోనూ అంచులే ఆధారం. ఖాళీ గడి చుట్టూ ఏ గీత ఎక్కడ ఆగిందో చూసి, జవాబు ముక్కలో అదే చోట, అదే వాలుతో గీత మొదలవుతోందా అని పోల్చాలి. ఒక్క గీత కలవకపోయినా ఆ ముక్కను కొట్టేయవచ్చు.

ఒక జాగ్రత్త. ముక్కను తిప్పడం వేరు, బోర్లించడం వేరు. త్రిభుజాల్లో రెండు భుజాలు సమానమైతే తేడా తెలియదు. సమాంతర చతుర్భుజాన్ని బోర్లిస్తే మాత్రం, ఎంత తిప్పినా పాత రూపానికి రాదు. బోర్లించవచ్చో లేదో ప్రశ్నలోని సూచన చదివి తెలుసుకోవాలి.

అమ్మానాన్నలు పై ఐదు ముక్కల్ని అట్టతో కత్తిరించి పిల్లల చేతికివ్వండి. ముందు వైశాల్యం, తర్వాత ఏటవాలు అంచులు, ఆపై కోణాలు చూడమనండి. ఆ తర్వాతే ముక్కలు కలపనివ్వండి.