బోనస్‌కు ఊరుకోవచ్చు, రైట్స్‌కు ఊరుకోకూడదు

2024 అక్టోబరులో రిలయన్స్ ఇండస్ట్రీస్ ఒక షేరుకు మరొకటి బోనస్ ఇచ్చింది. రూ.2,650 దగ్గర ఉన్న షేరు ఒక్కసారిగా రూ.1,330 ప్రాంతానికి దిగింది. పది షేర్లున్నవారికి ఇరవై అయ్యాయి, విలువ మాత్రం పెరగలేదు. కంపెనీ తన రిజర్వుల్లోని సొమ్మును వాటా మూలధనం ఖాతాలోకి మార్చి రాసుకుంటుంది, అంతే. షేర్లు అందరికీ ఒకే నిష్పత్తిలో వస్తాయి కాబట్టి కంపెనీలో ఎవరి వాటా వారికే ఉంటుంది. మనం చేయవలసిన పనేమీ లేదు.

రైట్స్ ఇష్యూ అలా కాదు. ఇక్కడ కంపెనీ మన దగ్గర డబ్బు అడుగుతోంది. ఊరుకుంటే నష్టపోయేది మనమే.

మీ దగ్గర రూ.200 ధర ఉన్న షేర్లు వంద ఉన్నాయనుకుందాం. మొత్తం రూ.20,000. నాలుగు షేర్లకు ఒకటి చొప్పున, రూ.150కి కొత్త షేర్లు ఇస్తామంది కంపెనీ. పాతవి నాలుగు రూ.800, కొత్తది రూ.150, కలిపి అయిదు షేర్లకు రూ.950. అంటే లెక్క ప్రకారం షేరు రూ.190కి సర్దుకుంటుంది.

మీరు రూ.3,750 కట్టి 25 షేర్లు తీసుకుంటే, 125 షేర్ల విలువ రూ.23,750. పెట్టిన డబ్బు పెట్టినట్టే ఉంది, వాటా కూడా తగ్గలేదు. ఏమీ చేయకపోతే మిగిలేది వంద షేర్లు, రూ.19,000. వెయ్యి రూపాయలు పోయినట్టే. మిగతావారంతా కొత్త షేర్లు తీసుకుంటే కంపెనీలో మీ వాటా కూడా అయిదో వంతు తగ్గుతుంది.

కట్టడానికి డబ్బు లేనివారికీ దారి ఉంది. కొత్త షేరు కొనే హక్కు డీమ్యాట్ ఖాతాలో విడిగా జమవుతుంది. దాన్నే రైట్స్ ఎంటైటిల్‌మెంట్ అంటారు. మన ఉదాహరణలో ఒక్కో హక్కు విలువ సుమారు రూ.40. ఇరవై అయిదూ అమ్మితే ఆ వెయ్యి చేతికొస్తుంది. వాటా తగ్గినా సంపద తగ్గదు.

చాలామంది పొరపడేది ఇక్కడే. ఖాతాలో హక్కు కనిపించగానే షేర్లు వచ్చేశాయనుకుంటారు. విడిగా దరఖాస్తు చేసి డబ్బు కడితేనే అది షేరవుతుంది. బజారులో హక్కులు కొన్నవారికీ ఇదే వర్తిస్తుంది. దరఖాస్తు చేయకపోతే గడువు తర్వాత అవి రద్దవుతాయి. పైగా హక్కుల ట్రేడింగ్ ఇష్యూ కంటే ముందే ఆగిపోతుంది. 2020లో రిలయన్స్ రైట్స్ ఇష్యూ జూన్ 3న ముగిస్తే, హక్కుల ట్రేడింగ్ మే 29నే ఆగింది.

బజారు ధర ఇష్యూ ధర కంటే దిగువకు పడితే మాత్రం దరఖాస్తు చేయనవసరం లేదు. షేరు బజారులోనే చౌకగా దొరుకుతుంది. అలా కానప్పుడు, కొనే ఉద్దేశం లేకుంటే, ట్రేడింగ్ ఆగే తేదీ చూసుకుని ఆలోపే మీ హక్కులు అమ్ముకోండి.