‘పర్సనల్ రీజన్స్’ వెనక ఏముంది?

80 పడకల ప్రైవేటు ఆసుపత్రి ఒకటి ఉందనుకుందాం. ఏడాదిలో పదకొండు మంది స్టాఫ్ నర్సులు మానేశారు. వెళ్లేటప్పుడు ప్రతి ఒక్కరితో హెచ్‌ఆర్ వాళ్లు మాట్లాడి ఫారం నింపించారు. దీన్నే ఎగ్జిట్ ఇంటర్వ్యూ అంటారు. ఆ ఫారాలన్నీ ముందేసుకుని చూస్తే కనిపించేవి నాలుగే మాటలు: పెళ్లి, పై చదువు, ఇంట్లో ఇబ్బంది, పర్సనల్ రీజన్స్. ఇందరు ఇంత మర్యాదగా ఒకే మాట రాశారంటే, అసలు సంగతి ఎవరూ చెప్పలేదనే అర్థం.

ఎందుకు చెబుతారు? ఆ రోజుకి ఆమె రిలీవింగ్ లెటర్ ఇంకా చేతికి రాలేదు. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ మీద సంతకం కాలేదు. చివరి జీతం, మిగిలిన సెలవుల డబ్బు రావాలి. కొన్ని చోట్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా యాజమాన్యం బీరువాలోనే ఉంటాయి. రేపు చేరబోయే ఆసుపత్రి వాళ్లు ఫోన్ చేసేదీ ఇక్కడికే. ఇన్ని పెట్టుకుని ‘మా వార్డు ఇన్‌ఛార్జి వల్ల మానేస్తున్నాను’ అని ఎవరు రాస్తారు? 1969లోనే అమెరికాలో లెఫ్కొవిట్జ్, కాట్జ్ అనే ఇద్దరు పరిశోధకులు, మానేసేటప్పుడు చెప్పిన కారణాలనూ కొన్ని నెలల తర్వాత అడిగితే చెప్పినవాటినీ పోల్చి చూశారు. రెండూ చాలావరకు కలవలేదు.

అందుకే ఎగ్జిట్ ఇంటర్వ్యూ చేయాలనుకుంటే ముందు కాగితాలు, డబ్బులు అన్నీ ఇచ్చేయాలి. మూడు నెలలాగి, ఆమె పైఅధికారి కాని మనిషి ఫోన్ చేయాలి. అప్పటికి భయం పోయి ఉంటుంది, కొత్త చోటుతో పోల్చి చెప్పగలిగే అనుభవమూ వచ్చి ఉంటుంది. అయినా అది వెళ్లిపోయిన మనిషి కబురే. ఉన్నవాళ్లను ఉండగానే అడగడం ఇంకో పద్ధతి. దాని పేరు స్టే ఇంటర్వ్యూ.

ఇది హెచ్‌ఆర్ పని కాదు. రోజూ డ్యూటీ వేసే మనిషి, అంటే ఇక్కడ నర్సింగ్ సూపరింటెండెంట్, ఒక్కొక్కరితో విడిగా అరగంట కూర్చోవాలి. ఇంక్రిమెంట్ల మాటలు జరిగే రోజుల్లో మాత్రం వద్దు; అప్పుడు ఏం చెప్పినా జీతం లెక్కలోకే పోతుంది. కొత్తగా చేరినవాళ్లతో మొదటి మూడు నెలల్లోనే మాట్లాడాలి. ఏ పని ఇష్టం, ఏం నేర్చుకోవాలనుంది, ఇక్కడ ఎందుకు ఉంటున్నావు అని అడిగాక అసలు ప్రశ్నకు రావాలి.

“మానేద్దామని ఈమధ్య ఎప్పుడైనా అనిపించిందా అమ్మా?”

“అబ్బే, అలాంటిదేం లేదు మేడం.”

ఇక్కడితో వదిలేస్తే మళ్లీ ఫారం నింపినట్టే. కాసేపు ఆగాలి. “నాకైతే ఈ డ్యూటీల్లో చాలాసార్లు అనిపించింది. నీకు ఏ రోజున అనిపించింది?” అని అడిగితే అప్పుడు వస్తుంది: “అక్క నిశ్చితార్థానికి సెలవిచ్చి, ముందురోజు సాయంత్రం నైట్ డ్యూటీ వేశారు మేడం. ఆ రాత్రి అనిపించింది.”

ఆ ‘ఏ రోజున’ అన్నదే కీలకం. ఉద్యోగం మానాలన్న ఆలోచన చాలాసార్లు ఒక కుదుపుతో మొదలవుతుందని థామస్ లీ, టెరెన్స్ మిచెల్ అనే పరిశోధకులు 1994లో ప్రతిపాదించారు. అసంతృప్తి ఎంతుందని అడిగితే ‘పర్లేదు’ అంటారు. రోజు అడిగితే సంఘటన చెబుతారు.

మన ఆసుపత్రిలో పదిహేను మందిని అడిగితే తొమ్మిది మంది డ్యూటీ చార్టు దగ్గరికే వచ్చారనుకుందాం. సోమవారం మొదలయ్యే చార్టు శనివారం సాయంత్రం అంటిస్తున్నారు. వీక్లీ ఆఫ్ ఎప్పుడు మారుతుందో తెలియదు. జీతం తక్కువన్నవాళ్లూ ఉన్నారు, కానీ వాళ్లకు మానాలనిపించిన రోజు మాత్రం ఆఫ్ పోయిన రోజే. చార్టు రెండు వారాల ముందు వేయడానికీ, ఇచ్చిన సెలవు రద్దు చేయాలంటే సూపరింటెండెంట్ సంతకం ఉండాలనడానికీ పెద్ద ఖర్చేమీ లేదు.

ఈ పద్ధతి చెడేది విన్న తర్వాతే. సూపరింటెండెంట్ ‘మా రోజుల్లో’ అంటూ వాదనకు దిగినా, చెప్పిన మాట సాయంత్రానికి వార్డుకు చేరినా, మరుసటి ఏడాది అందరూ ‘ఏం లేదు మేడం’ అనే అంటారు. పదిహేను రోజుల్లో జవాబు చెప్పాలి. చేయలేనిదైతే ఎందుకు చేయలేమో చెప్పాలి. జీతం పెంచుతానని మాత్రం అక్కడికక్కడే మాటివ్వకూడదు. ఇక సమస్యే సూపరింటెండెంట్ అయితే ఈ అరగంటలో అది బయటపడదు. దానికి మూడు నెలల తర్వాతి ఫోనే దిక్కు.

కొందరు ఎలాగూ వెళతారు. ప్రభుత్వ స్టాఫ్ నర్సు పోస్టు వచ్చినా, గల్ఫ్‌లో ఉద్యోగం దొరికినా ఏ డ్యూటీ చార్టూ ఆపలేదు, ఆపాలని చూడటం అన్యాయం కూడా. కానీ జర్మన్ క్లాసులకు వెళుతున్నానని ఐసీయూ నర్సు ఆరు నెలల ముందే ధైర్యంగా చెప్పగలిగితే, ఆ వెంటిలేటర్ల దగ్గర ఇంకొకరికి పని నేర్పడానికి ఆసుపత్రికి ఆరు నెలలు దొరుకుతాయి.