మోసపుచ్చే అంకెలు, పట్టించే కూడికలు

2011 జనాభా లెక్కల ప్రకారం శ్రీకాకుళం జిల్లాలో మహిళలు 13,61,376 మంది. ఆ లెక్క అచ్చయిన పేజీని ఫోన్‌తో ఫోటో తీసి ఎక్సెల్‌లోకి పంపితే అది 13,67,376గా వచ్చిందనుకుందాం. ఎవరికీ అనుమానం రాదు. జిల్లా పేరులో ఒక్క అక్షరం ఎగిరిపోయినా చదివేవాళ్ల కంటికి వెంటనే తగులుతుంది. అంకెల విషయంలో అలా కాదు. ఒకటి పోయి ఏడు వచ్చినా అదీ సంఖ్యే, పైగా నమ్మదగ్గ సంఖ్యే. ఆ ఒక్క గీతతో జిల్లాలో లేని ఆరు వేల మంది ఆడవాళ్లు పుట్టుకొస్తారు.

పాత అచ్చు పట్టికల్ని స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించే పని ఇప్పుడు చాలామంది చేస్తున్నారు. పరిశోధక విద్యార్థులు, విలేకరులు, పాత లెక్కలు తిరగేసే గుమస్తాలు అందరికీ ఇది అవసరమే. ఫోన్‌లోని ఎక్సెల్ యాప్‌లో ఫోటో నుంచి నేరుగా పట్టికను లాగే సౌకర్యం ఉంది. టెసరాక్ట్ లాంటి ఉచిత ప్రోగ్రాములూ ఉన్నాయి. నిమిషంలో పట్టిక తయారవుతుంది. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది.

పొరపాట్లకు బీజం ఎక్కువగా ఫోటోలోనే పడుతుంది. పుస్తకం మధ్య మడత దగ్గర కాగితం వంగితే ఆ వైపు అంకెలు సన్నబడతాయి. పక్కనుంచి తీస్తే వరుసలు వాలిపోయి, ఒక జిల్లా అంకె పై జిల్లా వరుసలోకి ఎక్కుతుంది. తీసిన ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది కుదించుకుపోతుంది, సన్నని గీతలు కలిసిపోతాయి. అందుకే డాక్యుమెంట్‌గా పంపడం మేలు. అలా మసకబారినప్పుడు 3 కాస్తా 8 అవుతుంది, 5 వెళ్లి 6 అవుతుంది, 1కీ 7కీ తేడా చెరిగిపోతుంది. కామా చుక్కలా కనబడితే లక్షల సంఖ్య దశాంశంగా మారిపోతుంది.

వచ్చిన పట్టికను శుభ్రం చేసేటప్పుడు ఒక నియమం తప్పనిసరి. యంత్రం చదివింది చదివినట్టుగా ఒక షీట్‌లో అలాగే ఉంచాలి, దిద్దుబాట్లన్నీ వేరే షీట్‌లో చేయాలి. పేరు పొడవై రెండు లైన్లలో పడితే యంత్రం దాన్ని రెండు వరుసలు చేస్తుంది, వాటిని కలపాలి. అచ్చులో గీత ఉన్న గడినీ, సున్నా ఉన్న గడినీ, ఏమీ లేని గడినీ ఒకే గాటన కట్టకూడదు. కామాలతో అక్షరాల్లా కూర్చున్న సంఖ్యను నిజమైన సంఖ్యగా మార్చడానికి చిన్న సూత్రం చాలు:

```
=VALUE(SUBSTITUTE(B2,",",""))
```

ఇప్పుడు శ్రీకాకుళం వరుస దగ్గరికి వద్దాం. అచ్చు పేజీలో ఆ వరుసకు నాలుగు అంకెలుంటాయి: మొత్తం జనాభా 27,03,114, పురుషులు 13,41,738, స్త్రీలు, వెయ్యి మంది పురుషులకు స్త్రీల నిష్పత్తి 1015. ఈ నాలుగూ ఒకదానికొకటి కట్టుబడి ఉంటాయి. యంత్రం చదివిన 13,67,376తో పురుషుల్ని కలిపితే 27,09,114 వస్తుంది, అచ్చులో ఉన్నదానికన్నా సరిగ్గా 6,000 ఎక్కువ. మొత్తం B గడిలో, పురుషులు C లో, స్త్రీలు D లో, నిష్పత్తి E లో ఉంటే ఈ రెండు సూత్రాలూ ప్రతి వరుసకూ సున్నా ఇవ్వాలి:

```
=B2-C2-D2
=ROUND(D2/C2*1000,0)-E2
```

శ్రీకాకుళం వరుసలో మొదటిది -6000 అంటుంది. ఆ సంఖ్య ఆకారంలోనే ఆధారం ఉంది. తప్పు వేల స్థానంలో పడింది, రెండు అంకెల మధ్య తేడా ఆరు. ఒకటికీ ఏడుకూ ఉన్న తేడా అదే. కానీ తొందరపడి స్త్రీల సంఖ్యను దిద్దేయకూడదు. మొత్తంలోని 3 నిజానికి 9 అయినా తేడా ఆరే, ఆ రెండూ చూపుకు దగ్గరివే. లేదా పురుషులు 13,35,738 కావచ్చు.

ఇక్కడ తీర్పు చెప్పేది నిష్పత్తి. మొత్తమే తప్పు అనుకుంటే స్త్రీలు, పురుషులు ఉన్నట్టే ఉంటారు, నిష్పత్తి 1019 వస్తుంది. పురుషుల్ని మార్చితే 1024 అవుతుంది. స్త్రీలను 13,61,376 చేసినప్పుడే అచ్చులోని 1015తో సరిపోతుంది. అప్పుడు ఫోటోలో ఆ ఒక్క గడిని పెద్దది చేసి చూస్తే ఒకటి తలపై గీత కాస్త మందంగా అచ్చయి ఉండటం కనబడవచ్చు. ఏడు అంకెల సంఖ్యలో ఎక్కడ చూడాలో లెక్కే చెప్పింది. అందుకే పట్టికను ఫోటో తీసేటప్పుడు మొత్తాలనూ నిష్పత్తులనూ అనవసరమని కత్తిరించేయడం పెద్ద పొరపాటు.

ఈ కాపలాకూ హద్దుంది. శ్రీకాకుళం నిష్పత్తి ఒక పాయింటు కదలాలంటే సుమారు 1,340 మంది స్త్రీలు అటూ ఇటూ కావాలి. వందల స్థానంలో 3 పోయి 8 వస్తే కూడిక 500 తేడా చూపిస్తుంది గానీ నిష్పత్తి 1015 దగ్గరే నిలబడి ఉంటుంది, ఏ గడి తప్పో చెప్పలేదు. అలాంటప్పుడు నిలువు మొత్తం ఆదుకుంటుంది. ఉమ్మడి రాష్ట్రంలోని 23 జిల్లాల స్త్రీల సంఖ్యలు కూడితే 4,21,38,631 రావాలి. ఆ నిలువు వరుసలోనూ అదే 500 తేడా వస్తే, అడ్డం నిలువు కలిసిన గడే దోషి.

చదివే ప్రోగ్రాములు తమ నమ్మకాన్ని కూడా అంకెల్లో చెబుతాయి. టెసరాక్ట్ ప్రతి పదానికీ వందకు ఇన్ని మార్కులని ఇస్తుంది. తక్కువ మార్కులు వచ్చిన గడులకు రంగు వేయడం మంచిదే. అయితే ఆ మార్కులు మొత్తం సంఖ్యకు వేసినవి, అందులోని ఒక్కో అంకెకు కాదు. మార్కులు బాగా వచ్చిన సంఖ్యలోనూ తప్పు దాగి ఉండవచ్చు.

బొమ్మ స్పష్టంగా ఉందన్న ధీమా కూడా పనికిరాదని 2013లో జర్మనీలో బయటపడింది. డేవిడ్ క్రీజెల్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, జిరాక్స్ వర్క్‌సెంటర్ యంత్రంపై స్కాన్ చేసిన ఇంటి ప్లానులో గదుల వైశాల్యాలు మారిపోవడం గమనించారు. వేర్వేరు కొలతలున్న గదులన్నిటికీ 14.13 అనే వచ్చింది. ఫైలు చిన్నది చేయడానికి ఆ యంత్రం ఒకేలా కనబడే ముక్కల్ని ఒకటిగా లెక్కగట్టి, ఒకదాని బొమ్మను మరోచోట అతికిస్తోంది. 6 ఉన్నచోట నిగనిగలాడే 8 వచ్చేది. మసక లేదు, అనుమానానికి తావే లేదు. ఆ సంస్థ తర్వాత సాఫ్ట్‌వేర్ సవరణ ఇచ్చింది. అలాంటి ప్రతిని యంత్రం ఎంత బాగా చదివినా తప్పే చదువుతుంది కాబట్టి అనుమానం వచ్చిన గడిని సరిచూడాల్సింది మూల కాగితంతోనే.

అనుమానాన్ని నమోదు చేసే తీరూ ముఖ్యమే. పట్టిక చివర మూడు నిలువు వరుసలు చేర్చితే చాలు: ఏ పరీక్షలో తప్పింది, ఏ పేజీ ఫోటో, ఎవరు చూసి ఏం నిర్ణయించారు. లెక్క కుదరడం లేదని అంకెను సొంతంగా మార్చకూడదు. మూల పుస్తకంలోనే అచ్చుతప్పు ఉండే అవకాశం ఉంది. అప్పుడు అచ్చులో ఉన్నదే ఉంచి పక్కన ఆ సంగతి రాయాలి. ఫోటోలో చెరిగిపోయిన అంకె ఉంటే, కూడికతో తేల్చినది అని గుర్తు పెట్టాలి.

ఏ కూడికకూ దొరకని తప్పు ఒకటుంది. విజయనగరం అంకెలన్నీ ఒక వరుస పైకి జరిగి శ్రీకాకుళం పక్కన కూర్చుంటే అడ్డం మొత్తం సరిపోతుంది, నిష్పత్తి సరిపోతుంది, నిలువు మొత్తం కూడా సరిపోతుంది. జిల్లా పేరు మాత్రమే తప్పు. దీనికి విరుగుడు, ప్రతి పేజీలో మొదటి వరుసనూ, చివరి వరుసనూ, మధ్యలో రెండు మూడింటినీ ఫోటోతో పోల్చి కంటితో చదవడం. 2011 లెక్కల్లో శ్రీకాకుళానికి 542, విజయనగరానికి 543, విశాఖపట్నానికి 544 అని కోడ్ నంబర్లున్నాయి. పట్టికలో ఆ కోడ్ వరుస ఉంటే దాన్ని కూడా చదివించి, పేరుతో జత కుదిరిందో లేదో చూడాలి. వరుసగా రావాల్సిన నంబర్లలో ఒకటి తప్పిపోయినా, రెండుసార్లు వచ్చినా ఎక్కడ వరుస జారిందో అక్కడే తెలుస్తుంది.