బూడిద వన్నె ఎద్దు ఏ జాతిది? ఛాయాచిత్రాలలో ఒంగోలు, హల్లికార్ పశువుల గుర్తింపు

కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న చిత్తూరు, అనంతపురం ప్రాంతాలలో రెండు దేశవాళీ జాతుల లక్షణాలు గల పశువులు కనిపిస్తాయి. గుంటూరు, ప్రకాశం, నెల్లూరు ప్రాంతాలు పుట్టినిల్లయిన ఒంగోలు ఒకటి. తుమకూరు, హాసన్, మండ్య, మైసూరు ప్రాంతాలకు చెందిన హల్లికార్ రెండవది. రెండింటిలోనూ తెలుపు నుండి బూడిద వరకు వన్నె ఉండటం వలన, రైతు పంపిన ఛాయాచిత్రంలో తెల్లని పశువు కనిపించగానే దానిని ఒంగోలుగా నమోదు చేసే పొరపాటు జరుగుతుంది. ఆ నమోదును అనుసరించి వీర్యాన్ని ఎంపిక చేస్తే, తేలికగా, చురుకుగా నడిచే హల్లికార్ ఆవుకు భారీ శరీరం గల ఒంగోలు సంకరమవుతుంది. ఒకసారి జరిగిన సంకరాన్ని తరువాతి తరాలలో సరిదిద్దడం కష్టం.

కొమ్ము మొదలే తొలి ఆధారం

ఛాయాచిత్రంలో మొదట చూడవలసినది కొమ్ము పొడవు కాదు, అది మొలిచిన చోటు. ఒంగోలు పశువులో కొమ్ములు నెత్తికి రెండు బయటి అంచుల నుండి మొలిచి, బయటికి, వెనుకకు సాగుతాయి. అవి పొట్టిగా, మొదట లావుగా ఉంటాయి. రెండు కొమ్ముల నడుమ వెడల్పైన నుదురు కనిపిస్తుంది. హల్లికార్‌లో కొమ్ములు నెత్తిపై ఒకదానికొకటి దగ్గరగా మొలుస్తాయి. దాదాపు సగం పొడవు వరకు తిన్నగా వెనుకకు సాగి, ఆపై మెల్లగా ముందుకు వంగి, నల్లని వాడి మొనలతో ముగుస్తాయి. ముఖం పొడవుగా, సన్నగా ఉంటుంది. నుదుటి నడుమ నిలువుగా ఒక గాడి కనిపిస్తుంది.

రెండవ ఆధారం గంగడోలు. ఒంగోలులో అది కండ పట్టి, మడతలు మడతలుగా వేలాడుతూ బొడ్డు వరకు సాగుతుంది. హల్లికార్‌లో పలుచగా, తక్కువగా ఉంటుంది. కడుపు కింద చర్మం కూడా శరీరానికి అంటుకొని ఉంటుంది.

మూపురం, వన్నె ఎక్కడ మోసగిస్తాయి?

ఒంగోలు ఆంబోతు మూపురం పెద్దదిగా, నిటారుగా, ఇరువైపులా నిండుగా ఉంటుంది. దాని తల, మెడ, మూపురాలపై ముదురు బూడిద ఛాయ కమ్ముతుంది. ఇవి పుంసత్వ హార్మోను ప్రభావం వలన ఏర్పడే లక్షణాలు. కనుక ఆవులో మూపురం చిన్నది, వన్నె తెలుపు. చిన్న వయసులోనే విత్తు కొట్టిన ఎద్దులో మూపురం పూర్తిగా ఎదగదు, మెడపై ముదురు ఛాయ పలచబడుతుంది, కొమ్ములు ఆంబోతు కొమ్ములకన్నా పొడవుగా పెరుగుతాయి. అందువలన పశువు ఆంబోతా, ఎద్దా, ఆవా అన్నది తెలియకుండా మూపురాన్ని, వన్నెను బట్టి నిర్ణయానికి రాకూడదు.

ఒక ఉదాహరణను పరిశీలించవచ్చు. చిత్రంలో బూడిద వన్నె ఎద్దు ఉన్నది. మూపురం చిన్నది, కొమ్ములు మూరెడు పొడవున ఉన్నాయి. ఈ రెంటినే చూస్తే అది హల్లికార్ అనిపిస్తుంది. కాని కొమ్ముల మొదళ్ల నడుమ నుదురు వెడల్పుగా ఉన్నది, దానిపై గాడి లేదు. కొమ్ములు బయటికి సాగాయి. గంగడోలు మడతలు ముందుకాళ్ల వెనుకకు కూడా కొనసాగాయి. ఇక్కడ చిన్న మూపురానికి, పొడవైన కొమ్ములకు విత్తు కొట్టడమే కారణం కావచ్చు. తల నిర్మాణం, గంగడోలు మాత్రం ఒంగోలునే సూచిస్తున్నాయి. విత్తు కొట్టడం వలన కొమ్ము మొలిచే చోటు మారదు, నుదుటిపై గాడి కొత్తగా ఏర్పడదు.

చిత్రం తీసే పద్ధతి

పగ్గం బిగించి తల పైకి ఎత్తితే గంగడోలు సాగి మడతలు కనిపించవు. మరీ దగ్గర నుండి తీస్తే తల, కొమ్ములు అసలుకన్నా పెద్దవిగా అగుపిస్తాయి. నడి ఎండలో బూడిద వన్నె తెల్లబడుతుంది. కనుక సమతల నేలపై పశువును సహజంగా నిలబెట్టి, నాలుగైదు మీటర్ల దూరం నుండి, దాని భుజం ఎత్తున కెమెరా పట్టి ఒక పక్క చిత్రం తీయాలి. కొమ్ము మొదళ్లు, నుదురు కనిపించేటట్లు ఎదుటి నుండి మరొకటి తీయాలి. పక్కన కొలకర్ర నిలిపితే ఎత్తు కూడా అంచనాకు వస్తుంది. కొమ్ములను చెక్కించారా, విత్తు కొట్టించారా, వయసెంత అన్న వివరాలను రైతు నుండి అడిగి చిత్రంతో పాటు నమోదు చేయాలి.

ఇంత చేసినా చిత్రం రూపాన్నే చూపుతుంది, వంశాన్ని కాదు. ఒంగోలు రక్తం కొంత కలిసిన నాటు పశువు కూడా గంగడోలులో, వన్నెలో ఒంగోలును పోలి ఉండవచ్చు. తల్లిదండ్రుల వివరాలు దొరకనప్పుడు నమోదు పుస్తకంలో "ఒంగోలు" అని కాక "ఒంగోలు లక్షణాలు గలది" అని రాయడమే సరైనది. కొమ్ము మొదలు ఒక జాతిని, గంగడోలు మరొక జాతిని సూచించినప్పుడు సంకరమని అనుమానించి, పశువును స్వయంగా చూసేవరకు వీర్యం ఎంపికను వాయిదా వేయాలి.