ఎదుటి వాదనకు ఒక పేరా

అమెరికా హైస్కూళ్లలో తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఇంగ్లీషు క్లాసులో వాదనా వ్యాసాలు రాస్తారు. 2010లో వెలువడిన కామన్ కోర్ ప్రమాణాలు ఈ వ్యాసంలో ప్రతిపాదన, ఆధారం, ఆ రెంటినీ ముడివేసే తర్కం, ఎదుటి వాదన ఉండాలంటాయి. టీనేజర్లు, సోషల్ మీడియా అనే అంశం తీసుకుంటే ఈ నాలుగింటిలో తొలి తడబాటు ప్రతిపాదన దగ్గరే కనిపిస్తుంది.

“సోషల్ మీడియా పిల్లలకు చెడు చేస్తుంది” అన్నది ఫిర్యాదు మాత్రమే. ఏ వయసు పిల్లలకు, ఏ వేళ, ఎవరు ఏం చేయాలన్నది అందులో తేలదు. “పదహారేళ్ల లోపువారి ఫోన్లకు రాత్రి పది దాటాక నోటిఫికేషన్లు వెళ్లకుండా కంపెనీలే ఆపాలి” అంటే దాన్ని కాదనేవాళ్లు ఉంటారు. అప్పుడే వాదించడానికి ఏదో ఒకటి ఉన్నట్టు.

ఆధారాన్ని ఎంచేది ఆ వాక్యమే. 2023 మేలో సర్జన్ జనరల్ వివేక్ మూర్తి ఈ అంశంపై ఒక హెచ్చరిక పత్రం విడుదల చేశారు. రోజుకు మూడు గంటలకు మించి సోషల్ మీడియాలో గడిపే పిల్లలకు మానసిక సమస్యల ముప్పు రెట్టింపని అందులో ఉంది. విద్యార్థులు ఎగబడి రాసేది ఈ మాటే. కానీ అది రాత్రి గురించి చెప్పదు. పైగా ముప్పు ఎక్కువగా కనిపించినంత మాత్రాన కారణం అదేనని రుజువైనట్టు కాదు. కుంగిపోయిన పిల్లలే ఎక్కువసేపు ఫోన్ పట్టుకుంటూ ఉండవచ్చు. బడి రోజుల్లో దాదాపు ముగ్గురిలో ఒకరు అర్ధరాత్రి వరకో, ఆ తర్వాత కూడానో తెర చూస్తున్నారన్న మాట కూడా అదే పత్రంలో ఉంది. పై ప్రతిపాదనకు అతికేది అది. తెర అంటే సోషల్ మీడియా ఒక్కటే కాదు కాబట్టి, మోగే ఫోను నిద్రను ఎలా చెడగొడుతుందో తర్వాతి రెండు మూడు వాక్యాల్లో విద్యార్థే చెప్పాలి.

ఎదుటి వాదన కోసం దూరం వెళ్లనక్కర్లేదు. సోషల్ మీడియా వల్ల తమను నలుగురూ కలుపుకుంటున్నట్టు అనిపిస్తోందని 58 శాతం, కష్టకాలంలో తోడు దొరుకుతోందని 67 శాతం పిల్లలు చెప్పినట్టు ఆ పత్రమే రాసింది. ఈ అంకెలను దాచిన వ్యాసం బలహీనమైనది. ముగింపుకు ముందు వీటికి ఒక పేరా పూర్తిగా ఇచ్చి, నిజమేనని ఒప్పుకుని, ఆ తర్వాతే జవాబివ్వాలి: రాత్రి ఆగేది ఫోను మోత మాత్రమే, స్నేహితులతో మాట్లాడే దారి మూసుకుపోదు.

రాయడం పూర్తయ్యాక ప్రతి పేరాలోని మొదటి వాక్యాన్ని మాత్రమే వరుసగా చదవాలి. అవి కలిసి ఒక వాదనగా వినిపిస్తే నిర్మాణం కుదిరినట్టే. మధ్యలో ఇన్‌స్టాగ్రామ్ ఎలా పుట్టిందో చెప్పే పేరా తగిలితే, అది ఎంత బాగున్నా తీసేయాల్సిందే.