బొమ్మలోని నడవను కొలిచి చూద్దాం

కొత్త కాలనీ బ్రోచర్‌లోనో, పార్కు నమూనా చిత్రాల్లోనో ఇలాంటి బొమ్మ తరచూ కనిపిస్తుంది. రెండు వైపులా సన్నని ఉక్కు స్తంభాలు, పైన పల్చని కప్పు, కింద చెక్క పలకల నేల. గీతలన్నీ దూరంగా ఒకే చుక్క దగ్గర కలుస్తాయి. ఇది ఫొటో కాదు. నడవను ముందుగా కంప్యూటర్‌లో కొలతలతో కట్టి, అందులో ఒక కెమెరా పెట్టి తీసిన రెండర్.

కెమెరాను నడవ వెడల్పుకు సరిగ్గా మధ్యలో, నేల నుంచి సుమారు 1.6 మీటర్ల ఎత్తున, అంటే నిలబడ్డ మనిషి కంటి మట్టంలో ఉంచుతారు. దాన్ని పైకీ కిందకీ వంచకుండా నడవ పొడవునా తిన్నగా చూపిస్తారు. అప్పుడు స్తంభాలు నిట్టనిలువుగా ఉంటాయి, నడవ వెంట సాగే గీతలు మాత్రమే ఆ చుక్క వైపు పరుగెత్తుతాయి. కెమెరా కాస్త పైకి వంగినా స్తంభాలు కూడా పైన ఒకదానివైపు ఒకటి వాలినట్లు కనిపించి బొమ్మ బలం తగ్గుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. నడవ పొడవు 60 మీటర్లు, స్తంభాల ఎత్తు 3 మీటర్లు, ప్రతి 3 మీటర్లకూ ఒక జత. మొదటి జత కెమెరాకు 3 మీటర్ల దూరంలో ఉండి, కాగితం మీద 12 సెంటీమీటర్ల ఎత్తు కనిపిస్తుందనుకుందాం. దూరం రెట్టింపైతే ఎత్తు సగమవుతుంది. కాబట్టి రెండో స్తంభం 6 సెంటీమీటర్లు, నాలుగోది 3. పదోది 1.2 సెంటీమీటర్లు, ఇరవయ్యోది 6 మిల్లీమీటర్లు. అంటే అసలు నడవలో సగం పొడవు, కాగితం మీద వేలి గోరంత చోటులో ఇమిడిపోతుంది. ఆ భాగంలో ఏముందో బొమ్మ మనకు చెప్పదు. ఎదుట ఉన్న మూడు నాలుగు జతలే మనం నిజంగా చూడగలిగేవి.

ఈ గీతల బలం ఎంతటిదో 17వ శతాబ్దంలో బొర్రొమీని రోమ్‌లో కట్టి చూపాడు. స్పాడా భవనంలో ఆయన కట్టిన స్తంభాల నడవ పొడవు సుమారు 9 మీటర్లే. నేలను క్రమంగా ఎత్తుతూ, కప్పును దించుతూ, స్తంభాలను చిన్నవి చేస్తూ పోవడంతో అది మూడు నాలుగు రెట్లు పొడవుగా కనిపిస్తుంది. చివర మనిషంత ఎత్తున తోచే విగ్రహం ఎత్తు నిజానికి మీటరు కూడా ఉండదు.

రెండర్‌లోనూ ఇలాంటి మార్పును పట్టుకోవచ్చు. కెమెరా కంటి మట్టంలో ఉంటే, నేల సమంగా ఉంటే, నిలబడ్డ పెద్దల కళ్లన్నీ దగ్గరున్నా దూరమున్నా గీతలు కలిసే చుక్క మట్టంలోనే ఉండాలి. పెద్దల తలలన్నీ దానికి బాగా కింద ఉన్నాయంటే, కెమెరాను ఎత్తుగా పెట్టి ఉండాలి, లేదా నడవ పెద్దదిగా కనిపించాలని మనుషులను చిన్నగా చేసి ఉండాలి.

ఇక స్తంభాల సన్నదనం. 60 మిల్లీమీటర్ల గొట్టమైతే మన బొమ్మలో మొదటి స్తంభం మందం 2.4 మిల్లీమీటర్లు ఉండాలి. స్కేలుతో కొలిస్తే 1 మిల్లీమీటరే ఉందనుకోండి, అది 25 మిల్లీమీటర్ల గొట్టం. సన్నని నిలువు కడ్డీ తన లోహం నలిగేలోపే పక్కకు వంగిపోతుంది. అందుకే భారతీయ ప్రమాణం ఐఎస్ 800, కప్పు బరువు మోసే ఉక్కు స్తంభానికి సన్నదనపు నిష్పత్తి 180 దాటకూడదంటుంది. పైనా కిందా పక్కకు కదలకుండా పట్టు ఉందనుకుంటే 60 మిల్లీమీటర్ల గొట్టానికి అది 150 దగ్గర ఉంటుంది, 25 మిల్లీమీటర్ల దానికి 350 దాటుతుంది. రెండోది బొమ్మలో నిలుస్తుంది, నేల మీద నిలవదు. మొదటిదానికైనా పల్చని కప్పును పైకి లేపే గాలిని తట్టుకునే పునాదీ, బిగింపులూ కావాలి.

చెక్క నేలలో మరో చిక్కుంది. పలకలను నడవ పొడవునా పరిస్తే వాటి సందులు కూడా ఆ చుక్క వైపు సాగి బొమ్మ అందంగా వస్తుంది. కానీ వాన నీరు జారేందుకు వదిలే ఆ సందులు నడిచే దిశలోనే ఉంటే సైకిల్ వంటి సన్నని చక్రాలు ఇరుక్కోవచ్చు. అడ్డంగా పరిస్తే ఆ ప్రమాదం తక్కువ, తడిలో అడుగుకూ కొంత పట్టు దొరుకుతుంది.

ఇలాంటి బొమ్మ చూపి ఎవరైనా డబ్బు అడిగితే, నడవకు అడ్డంగా కోసి గీసిన కొలతల పటం కూడా అడగండి. స్తంభం మందం, కప్పు ఎత్తు, పలకల దిశ అందులో రాసి ఉండాలి. అవి లేని రెండర్‌ను చూసి సంతకం పెట్టకండి.